యూకేలో పని వదిలి ఇంటికొస్తున్నారా? ఎక్కువ కోసిన పన్ను తిరిగి వస్తుందో రాదో ఇలా లెక్క చూసుకోండి

శ్రీకాంత్ మా కాక కొడుకు. ఊరు కోరుట్ల దగ్గర. 2022 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చదువుతానని లెస్టర్ వెళ్లాడు, చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా మీద గోడౌన్లలో పనిచేశాడు. స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరకలేదు, ఇక్కడ బాపు ఆరోగ్యం బాగాలేదు, దాంతో 2025 ఫిబ్రవరి 10కి వచ్చేయాలని టికెట్ తీసుకున్నాడు. తీసుకున్న వారంలోనే రాత్రి ఫోన్ చేసి అడిగాడు: "అన్నా, రెండో కంపెనీల నెలకు 480 పౌండ్లు టాక్స్ కట్ చేసిండ్రు. పోయేముందు అడిగితే వాపస్ ఇస్తరా?"

మా ఊళ్లో దీనికి జవాబు చెప్పేవాళ్లు దొరకరు. మా దగ్గర బయటి దేశం అంటే దుబాయ్, సౌదీ. అక్కడ జీతం మీద ఇన్‌కమ్ టాక్సే ఉండదు కాబట్టి పన్ను తిరిగి అడగడం అనే ముచ్చటే ఎవరికీ తెలియదు. నేను కూడా కొన్నాళ్లు బర్మింగ్‌హామ్‌లో పనిచేసి వచ్చినవాణ్ని, వచ్చేటప్పుడు ఈ పన్ను వాపసు ఫారం P85 నింపినవాణ్ని, అందుకని నాకు చేశాడు. వాడితో రెండు రాత్రులు కూర్చుని చూసిన లెక్కనే మీకు ఇక్కడ వరుసగా చెప్తాను. అంకెలు మీవి వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ముందు, అసలు ఎక్కువ ఎందుకు కట్ అవుతుందో తెలుసుకోండి

యూకే పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై తర్వాతి ఏప్రిల్ 5న ముగుస్తుంది. ఆ సంవత్సరంలో మొదటి 12,570 పౌండ్ల ఆదాయానికి పన్ను లేదు (2024-25 లెక్క ఇది, స్కాట్లాండ్‌లో ఉన్నా ఈ మినహాయింపు ఇంతే, రేట్లు మాత్రం అక్కడ వేరు). ఆ పైన వచ్చే జీతానికి 20 శాతం. మనలాంటి గోడౌన్, కేర్ హోమ్, రెస్టారెంట్ జీతాలకు ఇంతకు మించి వెళ్లాల్సిన అవసరం రాదు.

జీతమిచ్చే కంపెనీ ఈ 12,570ని పన్నెండు నెలలకు పంచుతుంది, నెలకు 1,047 చిల్లర అన్నమాట. అంటే మీరు ఏడాది పొడుగునా పనిచేస్తారు అనే నమ్మకంతో కోస్తుంది. మీరు అక్టోబర్‌లోనే పని ఆపేశారనుకోండి, మిగిలిన అయిదు నెలల మినహాయింపు వాడుకోకుండా అలాగే ఉండిపోతుంది. ఈ మినహాయింపును నెలల లెక్కన తగ్గించరు, ఆరు నెలలు పనిచేసినా పూర్తి 12,570 మీదే. తిరిగి వచ్చే డబ్బులో ఒక భాగం ఇక్కడి నుంచే పుడుతుంది.

రెండో భాగం తప్పుడు టాక్స్ కోడ్ నుంచి పుడుతుంది. శ్రీకాంత్ కథలో పెద్ద మొత్తం ఇదే.

పేస్లిప్ తీసి టాక్స్ కోడ్ చూడండి

ఫోన్‌లో వాణ్ని మొదట అడిగింది ఇదే. పేస్లిప్ మీద టాక్స్ కోడ్ అని ఒక చిన్న గడి ఉంటుంది. అందులో `1257L` అని ఉంటే మామూలు. దాని పక్కన `W1` గానీ `M1` గానీ ఉంటే దాన్ని ఎమర్జెన్సీ కోడ్ అంటారు, అంటే ఆ ఒక్క వారాన్నో ఆ ఒక్క నెలనో చూసి కోస్తారు, వెనక ఖాళీగా ఉన్న నెలల మినహాయింపు కలపరు. `BR` అని ఉంటే మినహాయింపు ఒక్క పౌండ్ కూడా లేదు, మొదటి పౌండ్ నుంచే 20 శాతం. `0T` కూడా మినహాయింపు లేనిదే.

శ్రీకాంత్ మొదటి కంపెనీ పేస్లిప్‌లో `1257L`, రెండో దాంట్లో `BR`.

"నువ్వు చేరేటప్పుడు పాత కంపెనీ P45 ఇచ్చినవా?" అన్నాను.

"అది ఈమెయిల్‌ల ఎన్నడో వచ్చింది అన్నా, నేను చూడలే. ఏజెన్సీల ఒక కాగితం ఇచ్చి టిక్ పెట్టుమన్నరు, పెట్టిన."

ఆ కాగితం స్టార్టర్ చెక్‌లిస్ట్. P45 అంటే ఉద్యోగం మానేసినప్పుడు ప్రతి కంపెనీ ఇవ్వాల్సిన కాగితం, అది లేకుండా కొత్త ఉద్యోగంలో చేరితే ఈ చెక్‌లిస్ట్ ఇస్తారు. వాడికి ఇచ్చినదాంట్లో A, B, C అని మూడు వాక్యాలున్నాయి. ఈ పన్ను సంవత్సరంలో ఇదే నా మొదటి ఉద్యోగం అన్నది A. ముందు ఒకటి చేశాను, ఇప్పుడు ఉన్నది ఇదొక్కటే అన్నది B. ఇది కాక నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది అన్నది C. మనవాడు C మీద టిక్ పెట్టాడు, 'ఇంకో ఉద్యోగం' అంటే ముందు చేసింది అనుకున్నాడట! C పెడితే కంపెనీ ఏమనుకుంటుంది? ఇతనికి మినహాయింపు మొదటి ఉద్యోగంలో దొరుకుతోంది కదా, ఇక్కడ వద్దు అనుకుని `BR` వేస్తుంది. కంపెనీ మోసం చేయలేదు, ఆ టిక్‌ను బట్టి చేయాల్సిందే చేసింది. ఇలాంటి చోట వెళ్లి కంపెనీతో గొడవ పడితే లాభం లేదు, కోసిన పన్ను వాళ్ల దగ్గర ఉండదు, హెచ్‌ఎంఆర్‌సీకి (అక్కడి పన్నుల శాఖ) వెళ్లిపోయి ఉంటుంది.

మీరింకా అక్కడే పనిచేస్తుంటే మాత్రం వెంటనే హెచ్‌ఎంఆర్‌సీకి చెప్పి కోడ్ మార్పించుకోండి. కోడ్ సరిచేస్తే ఎక్కువ కోసింది తర్వాతి జీతంలోనే కలిపి ఇచ్చేస్తారు, ఇంత తిప్పలు ఉండదు.

కాగితం మీద లెక్క వేయండి

లెక్కకు కావలసినవి రెండే: ఏప్రిల్ 6 తర్వాత చేతికొచ్చిన జీతాల మొత్తం (కోతలకు ముందుది), వాటి మీద కోసిన ఇన్‌కమ్ టాక్స్ మొత్తం. ఏ నెలలో పనిచేశారన్నది కాదు, జీతం ఏ తేదీన పడింది అన్నదే లెక్క. మార్చిలో చేసిన పనికి ఏప్రిల్ 10న జీతం పడితే అది కొత్త సంవత్సరంలోకే వస్తుంది. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు.

ఈ రెండు అంకెలు P45 మీద ఉంటాయి. శ్రీకాంత్ పాత P45ను కొత్త కంపెనీకి ఇవ్వలేదు కాబట్టి రెండో P45లో రెండో కంపెనీ అంకెలే ఉన్నాయి. మీదీ అలాగే అయితే రెండూ వెతికి పట్టుకోండి, ఒక్కదాంతో లెక్క తేలదు. వాడిది జంక్ ఫోల్డర్లో దొరికింది.

మొదటి కంపెనీలో ఏప్రిల్ నుంచి జులై దాకా నాలుగు జీతాలు, నెలకు 2,100, మొత్తం 8,400. కోసిన పన్ను నెలకు 210 చొప్పున 840. ఆగస్టులో పని లేదు. రెండోదాంట్లో సెప్టెంబర్, అక్టోబర్ జీతాలు 2,400 చొప్పున 4,800. పన్ను నెలకు 480 చొప్పున 960. నవంబర్ నుంచి బయల్దేరేదాకా స్పాన్సర్ కోసం వెతకడమే తప్ప సంపాదన లేదు. చిల్లర వదిలేసి రాస్తే ఇలా వచ్చింది, అన్నీ పౌండ్లలో:

```
8,400 + 4,800 = 13,200
13,200 - 12,570 = 630
630 x 20% = 126
840 + 960 = 1,800
1,800 - 126 = 1,674
```

అంటే మొత్తం జీతం 13,200. మినహాయింపు పోగా పన్ను పడేది 630 పౌండ్లకే, దానికి పన్ను 126. కోసింది 1,800. తిరిగి రావాల్సింది 1,674 పౌండ్లు. మన డబ్బుల్లో దాదాపు లక్షా ఎనభై వేలు. ఫోన్‌లో అవతల కాసేపు చప్పుడు లేదు, తర్వాత "నిజంగనా?" అన్నాడు.

ఇదే లెక్క కొందరికి సున్నా చూపిస్తుంది, అదీ చెప్పాలి. వాడి రూమ్మేట్ మార్చి చివరిదాకా ఒకే కంపెనీలో `1257L` కోడ్ మీద పనిచేశాడు, అతనికి కోయాల్సినంతే కోశారు, తిరిగి వచ్చేది ఏమీ లేదు. "దేశం వదిలి పోతున్నాం కదా, కట్టిన పన్నంతా ఇచ్చేస్తారు" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట ఉత్తదే. ఎక్కువ కోసింది మాత్రమే ఇస్తారు, వెళ్లిపోతున్నందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు.

నేషనల్ ఇన్సూరెన్స్‌ను ఈ లెక్కలో కలపకండి. పేస్లిప్‌లో పన్ను పక్కనే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి 'టాక్స్ కట్ అయింది' అనేస్తాం. 2024-25లో నెలకు 1,048 పౌండ్లు దాటిన జీతం మీద 8 శాతం. శ్రీకాంత్‌కు ఆరు జీతాల్లో కలిపి 550 పౌండ్లకు పైగానే పోయింది. సరిగ్గా కోసినది అయితే దేశం వదిలినా అది తిరిగి రాదు. అక్కడి ప్రభుత్వ పెన్షన్ రావాలంటే మామూలుగా కనీసం పదేళ్ల రికార్డు ఉండాలి, రెండేళ్లు చేసి వచ్చినవాడికి ఆ డబ్బు పోయినట్టే అనుకోవాలి. నాకైతే ఇది అన్యాయంగానే తోస్తుంది, కానీ రూలు అది. కంపెనీ పెన్షన్ కోత ఉంటే అది మూడో రకం, అది మీ పేరు మీదే ఉంటుంది గానీ యాభై అయిదేళ్లు, 2028 ఏప్రిల్ 6 నుంచి యాభై ఏడేళ్లు వచ్చేదాకా ముట్టుకోనివ్వరు.

మీకు పూర్తి మినహాయింపు వస్తుందా, ఇది ఒకసారి చూసుకోండి

పై లెక్కంతా నిలబడేది పూర్తి 12,570 దొరికితేనే. ఆ పన్ను సంవత్సరంలో యూకేలో 183 రోజులు గానీ అంతకు మించి గానీ ఉంటే మీరు ఆ సంవత్సరానికి అక్కడి రెసిడెంట్, ఇంకే ప్రశ్నా లేదు. ఏప్రిల్ 6 నుంచి లెక్కపెడితే అది అక్టోబర్ మొదటివారం కల్లా పూర్తవుతుంది. శ్రీకాంత్ ఫిబ్రవరి దాకా ఉన్నాడు కాబట్టి టెన్షన్ లేదు. మే, జూన్‌లలోనే వచ్చేసేవాళ్లకు రోజులు ఒక్కటే సరిపోవు, అక్కడ ఇల్లు, పని, ముందటేడు ఎన్ని రోజులున్నారు లాంటి ఇంకొన్ని పరీక్షలుంటాయి, వాటికి హెచ్‌ఎంఆర్‌సీ వాళ్ల రెసిడెన్స్ గైడ్ చదవాల్సిందే.

ఫారం P85

పని మానేసి యూకేలోనే ఉండేవాళ్లకు P50 అని వేరే ఫారం ఉంది. దేశం వదిలేవాళ్లకు P85. వెతికితే P50యే ముందు కనిపించి చాలామంది అది నింపేస్తారు, మనకు కావలసింది P85. gov.uk లో ఇలా టైప్ చేస్తే నేరుగా ఆ పేజీ వస్తుంది:

```
P85 leaving the UK
```

గవర్నమెంట్ గేట్‌వే లాగిన్ ఉంటే ఆన్‌లైన్‌లో పంపొచ్చు, లేదా స్క్రీన్ మీదే నింపి ప్రింట్ తీసి పోస్టులో పంపొచ్చు. ఫీజు లేదు. అందులో అడిగేవి కష్టమైనవేమీ కావు: నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, దేశం వదిలే తేదీ, తిరిగి వచ్చే ఉద్దేశం ఉందా, వెళ్లాక యూకేలో ఆదాయం గానీ ఇల్లు గానీ ఉంటుందా, ఇప్పటిదాకా ఎక్కడ పనిచేశారు. తోచింది రాయకుండా పాస్‌పోర్ట్, P45 ముందు పెట్టుకుని రాయండి. P45లో మానేసిన తేదీ అక్టోబర్ 31 అని ఉండి ఫారంలో మీరు నవంబర్ అని రాస్తే, ఆ తేడా తేలేదాకా ఫైలు ఆగిపోవచ్చు.

పోస్టులో పంపితే P45లోని 2, 3 భాగాలు జత చేయాలి. పంపేముందు అన్నింటికీ ఫోటోలు తీసుకోండి. శ్రీకాంత్ బయల్దేరడానికి రెండు రోజుల ముందు లెస్టర్‌లో పోస్ట్ ఆఫీసుకు వెళ్లి పంపాడు, పోస్ట్ చేసినట్టు రసీదు అడిగి తీసుకున్నాడు. అది ఉచితంగా ఇస్తారు, అడిగితేనే ఇస్తారు. ఇండియా వచ్చాక కూడా పంపొచ్చు, అడ్డేమీ లేదు, కాకపోతే ఇక్కడ కోరుట్ల నుంచి పంపి అది చేరిందో లేదో అని ఎదురుచూడటం వేరే బాధ.

P45 ఇవ్వని కంపెనీలు ఉంటాయి. ముందు ఈమెయిల్‌లో రాసి అడగండి, ఫోన్‌లో అడిగితే రికార్డు ఉండదు. అయినా రాకపోతే చివరి పేస్లిప్ చూడండి, అందులో ఆ ఏడాది మొత్తం జీతం, మొత్తం పన్ను రెండూ ఉంటాయి, P45 ఎందుకు లేదో ఫారంతో పాటు ఒక లెటర్‌లో రాసి పంపండి. ఇంకో చిన్న విషయం, మిగిలిన సెలవుల డబ్బు ఒక్కోసారి P45 ఇచ్చేశాక పడుతుంది, దాని మీద `0T` కోడ్‌తో కోస్తారు, అది P45లో కనిపించదు. అలాంటిది రావాల్సి ఉంటే అది పడ్డాకే ఫారం పంపండి, లేకపోతే దాని మీద కోసింది లెక్కలోకి రాదు.

బ్యాంక్ అకౌంట్ మూసేయకండి

ఇది చెప్పేసరికి శ్రీకాంత్ అప్పటికే అకౌంట్ మూసేయడానికి బ్యాంకులో అపాయింట్‌మెంట్ తీసుకుని ఉన్నాడు. నేను ఆపించాను. P85లో డబ్బు ఎలా కావాలో అడుగుతారు: యూకే బ్యాంక్ అకౌంట్‌కా, లేక చెక్కు రూపంలోనా. మన ఇండియా అకౌంట్ నంబర్ ఇచ్చి అందులో వేయమంటే కుదరదు. చెక్కు అంటే అది పౌండ్ల చెక్కు, ఇక్కడి బ్రాంచికి తీసుకెళ్తే మేనేజర్ దాన్ని తిప్పి తిప్పి చూస్తాడు. తీసుకునే బ్యాంకు దొరికినా కలెక్షన్‌కు వారాలు పడుతుంది, చార్జీలు వేరే. కాబట్టి అక్కడి అకౌంట్ డబ్బు వచ్చేదాకా ఉంచండి. దేశం వదిలాక అకౌంట్ కొనసాగిస్తారా లేదా అని మీ బ్యాంకును ముందే అడగండి, యాప్‌లో మాత్రమే నడిచే కొన్ని బ్యాంకులు అక్కడ అడ్రస్ లేకపోతే మూసేస్తాయి.

అకౌంట్ ఉంచలేకపోతే ఫారంలో నామినీ పేరు రాయొచ్చు, అక్కడే ఉండే స్నేహితుడి అకౌంట్‌లో పడుతుంది. మనిషి మీద నమ్మకం ఉంటేనే.

దీనితోపాటు ఫోన్ సంగతి. హెచ్‌ఎంఆర్‌సీ లాగిన్‌కు కోడ్ యూకే మొబైల్ నంబర్‌కే వస్తూ ఉంటుంది. సిమ్ ఆగిపోతే లాగిన్ పోయినట్టే. విమానం ఎక్కేముందే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కోడ్ ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చేలా మార్చుకోండి. అడ్రస్ కూడా ఇండియాది పెట్టండి. ఫారం పంపకుండా ఊరుకున్నా సంవత్సరం ముగిశాక హెచ్‌ఎంఆర్‌సీ తనంతట తానే లెక్క చూసి P800 అనే ఉత్తరం పంపవచ్చు, కానీ అది పోయేది మీ పాత గది అడ్రస్‌కు, అప్పటికి ఆ గదిలో వేరే కుర్రాళ్లుంటారు.

ఎక్కడ ఆగిపోతుంది

శ్రీకాంత్ వచ్చి ఆరు వారాలైనా ఏమీ లేదు. ఇంట్లో వాళ్లు అప్పటికే ఆ డబ్బు లేదనుకున్నారు. లాగిన్ ఉంది కాబట్టి తెరిచి చూశాం. పర్సనల్ టాక్స్ అకౌంట్‌లో ఈ ఏడాది ఉద్యోగాల పేజీలో మొదటి కంపెనీ ఎదురుగా మానేసిన తేదీ లేదు! వాడు జులైలో మానేశాడు, P45 కూడా ఇచ్చారు, కానీ హెచ్‌ఎంఆర్‌సీకి పంపిన రికార్డులో ఆ తేదీ ఎక్కలేదు. అంటే శాఖ దృష్టిలో వాడు ఇంకా అక్కడ పనిచేస్తూనే ఉన్నాడు, మినహాయింపంతా ఆ ఉద్యోగానికే కట్టి ఉంది. మీరు కూడా ఫారం పంపేముందే ఈ పేజీ చూసుకోండి. రెండు ఉద్యోగాలకూ మానేసిన తేదీ ఉందా, జీతం, పన్ను అంకెలు మీ P45లతో కలుస్తున్నాయా అని.

హెచ్‌ఎంఆర్‌సీకి ఫోన్ చేశాం, విదేశాల నుంచి చేసేవాళ్లకు వేరే నంబర్ gov.uk లో ఉంటుంది. దాదాపు నలభై నిమిషాలు లైన్‌లో పాట విన్నాం. ఎత్తినావిడ P45లో ఉన్న తేదీ చదివించుకుని, రికార్డు సరిచేయిస్తానని చెప్పింది. అక్కడి నుంచి ఇంకో అయిదు వారాలకు అకౌంట్‌లో డబ్బు పడింది, మేం వేసిన లెక్కకు కొద్ది పౌండ్లు అటూ ఇటూ, అది మేం వదిలేసిన చిల్లర తేడా.

మధ్యలో ఒక ఏజెంట్ కూడా తగిలాడు. ఫేస్‌బుక్‌లో చూసి శ్రీకాంత్ మెసేజ్ పెట్టాడట, వచ్చినదాంట్లో మూడో వంతు అన్నాడు, డబ్బు ముందు తన అకౌంట్‌లోకి రావాలని సంతకం అడిగాడు. మనం రెండు రాత్రుల్లో వేసుకున్న లెక్కకు 550 పౌండ్లు! 'మీకు రీఫండ్ వచ్చింది, ఇక్కడ నొక్కండి' అని వచ్చే ఎస్ఎంఎస్‌లు మాత్రం పక్కా దొంగవి, వాటిని తెరవకండి.

ఇప్పటికే వచ్చేసి ఏళ్లయిందా? సంవత్సరం ముగిసిన రోజు నుంచి నాలుగేళ్ల దాకా అడగొచ్చు. 2024-25కు సంబంధించింది 2029 ఏప్రిల్ 5 లోపు.

సంక్రాంతికి వచ్చి ఉంటే

ఈ ముక్క మేం ముందు చూసుకోలేదు, అదృష్టం కొద్దీ బయటపడ్డాం. వాళ్లమ్మ సంక్రాంతికి రమ్మని పోరుపెట్టింది. టికెట్ ధర చూసి వాడు ఫిబ్రవరి 10కి మార్చుకున్నాడు. ఆ మార్పే వాణ్ని కాపాడింది.

ఇండియా ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఒక ఏడాదిలో 60 రోజులు గానీ అంతకు మించి గానీ ఇండియాలో ఉండి, దానికి ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడ ఉండి ఉంటే ఆ ఏడాదికి ఇక్కడి రెసిడెంట్ అవుతారు. చూడటానికి వచ్చి వెళ్లే ఎన్నారైలకు ఈ 60 బదులు ఎక్కువ రోజుల వెసులుబాటు ఉంది, కానీ పూర్తిగా తిరిగి వచ్చేసినవాళ్లకు సాధారణంగా అది వర్తించదు. శ్రీకాంత్ 2022 సెప్టెంబర్ దాకా ఇక్కడే ఉన్నాడు కాబట్టి 365 ఎప్పుడో దాటేశాడు. ఇక మిగిలింది 60. ఫిబ్రవరి 10 నుంచి మార్చి 31 దాకా 50 రోజులు. కాబట్టి ఆ ఏడాదికి నాన్ రెసిడెంట్, అక్కడ పనిచేసి అక్కడే అందుకున్న జీతానికి ఇక్కడ పన్ను లేదు. అదే జనవరి 14న దిగి ఉంటే 77 రోజులు. రెసిడెంట్ అయ్యేవాడు, ఏప్రిల్ నుంచి అక్కడ సంపాదించిన జీతం ఇక్కడి రిటర్న్‌లో చూపించాల్సి వచ్చేది.

అప్పుడు యూకేలో కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు, ఆ ఏడాదికి దాని ఫారం 67. కానీ క్రెడిట్ దొరికేది చివరికి అక్కడ నిజంగా మిగిలిన పన్నుకే, అంటే 126 పౌండ్లకు, వాపసు తీసుకున్న 1,674కు కాదు. 13,200 పౌండ్లంటే పద్నాలుగు లక్షల పైమాట. ఆ ఏడాది కొత్త పద్ధతిలో లెక్క వేసి చూస్తే ఇక్కడ కట్టాల్సింది లక్ష రూపాయల చుట్టూ తేలింది. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందంలో దీనికి దారులు ఉంటాయి గానీ ఆ దాకా వచ్చినవాళ్లు సీఏ దగ్గరికి వెళ్లండి, ఫారం నింపినంత తేలిక కాదు.

కాబట్టి టికెట్ ఇంకా తీసుకోనివాళ్లు తీసుకునేముందు క్యాలెండర్ దగ్గర పెట్టుకుని రోజులు లెక్కపెట్టండి. శ్రీకాంత్ వాళ్లమ్మకు ఇది చెప్తే, "అయితే వచ్చే పండుగకు నాకు గాజులు చేయించమను" అంది.